అమ్మ తర్వాత ఫ్యామిలీ పెన్షన్ కూతురికి వస్తుందా? గుంతకల్లులో ఎక్కువగా అడిగే ప్రశ్నలు

గుంతకల్లు రైల్వే ఊరు. ఇక్కడ ప్రతి వీధిలో ఒక పెన్షనరు ఇల్లు ఉంటుంది. ఆ ఇళ్లలో చాలావాటిలో నలభై, యాభై ఏళ్ల కూతురు ఒకరు అమ్మతోనే ఉంటుంది. పెళ్లి కాలేదనో, భర్త పోయాడనో, కాపురం నిలవలేదనో. నేను చాలా ఏళ్లు పెన్షన్ కాగితాల మధ్యే పనిచేశాను. రిటైరయ్యాక కూడా ఫారాలు నింపమని జనం వస్తూనే ఉన్నారు. పదే పదే అడిగేవాటికి ఇక్కడ జవాబులు రాస్తున్నాను. ఇవి కేంద్ర ప్రభుత్వ, రైల్వే పెన్షనర్ల కుటుంబాలకు సంబంధించినవి. రాష్ట్ర ఉద్యోగుల సంగతి, పీఎఫ్ పెన్షన్ సంగతి చివర్లో ఉన్నాయి.

నాన్న రైల్వేలో చేసి రిటైరయ్యారు. నాకు ఇరవై ఐదేళ్లు ఎప్పుడో దాటాయి. నాకూ హక్కు ఉందా?

ఉండొచ్చు. ఒకప్పుడు పిల్లల ఫ్యామిలీ పెన్షన్ ఇరవై ఐదేళ్లతో ఆగిపోయేది. 2004 ఆగస్టు 30న ఇచ్చిన ఉత్తర్వుతో భర్త చనిపోయిన, విడాకులు పొందిన కూతుళ్లకు ఆ వయసు అడ్డు తీసేశారు. పెళ్లికాని కూతుళ్లకు 2007 సెప్టెంబరు 6 ఉత్తర్వుతో తీసేశారు. ఇప్పుడు కేంద్ర ఉద్యోగులకు 2021 పెన్షన్ నియమాల్లో 50వ నియమం ఇదే చెబుతోంది. పెన్షన్ శాఖ ఇచ్చే ఇలాంటి ఉత్తర్వులను రైల్వే బోర్డు కూడా తన ఉద్యోగులకు వర్తింపజేస్తుంది.

వయసు అడ్డు పోయినంత మాత్రాన దారి తెరిచినట్టు కాదు. ముందు అమ్మ ఉన్నన్నాళ్లూ పెన్షన్ అమ్మకే. ఆమె తర్వాత ఇరవై ఐదేళ్ల లోపు పిల్లలుంటే వాళ్లకు, ఆ తర్వాత సొంతంగా బతకలేని వైకల్యం ఉన్న సంతానం ఉంటే వాళ్లకు. వీళ్లెవరూ లేనప్పుడు, లేదా వాళ్ల వంతు అయిపోయాక, ఇరవై ఐదు దాటిన కూతురి వంతు వస్తుంది. అప్పుడు కూడా ఆమె తల్లిదండ్రుల మీద ఆధారపడి ఉండాలి.

"ఆధారపడి ఉండటం" అంటే ఏమిటి? అమ్మతో ఒకే ఇంట్లో ఉండాలా?

అలా రూలు లేదు. అమ్మ గుంతకల్లులో, కూతురు ఆదోనిలో ఉన్నా ఫరవాలేదు. ఒకే రేషన్ కార్డులో పేరుండాలన్న నిబంధన కూడా లేదు. అది చాలామంది అపోహ. నియమాల్లో ఆధారం అనేది డబ్బు లెక్క. కనీస ఫ్యామిలీ పెన్షన్‌కు దాని మీద ఇచ్చే కరువు భృతి, అంటే డీఆర్, కలిపితే వచ్చే మొత్తం కంటే కూతురి నెల ఆదాయం తక్కువగా ఉంటే ఆమె ఆధారపడినట్టు. దానికి సమానంగా ఉన్నా, ఎక్కువున్నా ఆధారపడనట్టే.

కనీస ఫ్యామిలీ పెన్షన్ 9,000 రూపాయలు. 2025 జూలై నుంచి డీఆర్ 58 శాతం, అంటే 5,220. మొత్తం 14,220. ఈ గీత డీఆర్‌తో పాటు పైకి జరుగుతూ ఉంటుంది. 2023 జనవరిలో డీఆర్ 42 శాతం, గీత 12,780 దగ్గర ఉండేది. అందుకే "పది వేలు దాటితే రాదంట సార్" అని ఎవరో చెప్పిన పాత అంకె పట్టుకుని కూర్చోకండి. ఏ తేదీకి చూస్తున్నారో ఆ తేదీ డీఆర్‌తో లెక్క వేసుకోవాలి.

ఇంకో తికమక ఉంది. వైకల్యం ఉన్న సంతానానికి 2021 ఫిబ్రవరిలో ఈ గీతను వదులు చేసి, వాళ్లకు రావాల్సిన ఫ్యామిలీ పెన్షన్ మొత్తాన్నే కొలతగా పెట్టారు. అది చదివి, అదే కూతుళ్లకూ వర్తిస్తుందని అనుకునేవాళ్లు ఉన్నారు. వర్తించదు. పెళ్లికాని, వితంతువు, విడాకులైన కూతురికి పాత కొలతే, 9,000కు డీఆర్ కలిపి.

ఏ తేదీ నాటి పరిస్థితి చూస్తారు? ఇప్పుడు నాకు ఆదాయం లేదు కదా.

ఎక్కువ దరఖాస్తులు తిరిగొచ్చేది ఈ ప్రశ్న దగ్గరే. 2013 సెప్టెంబరు 11 నాటి వివరణ ప్రకారం చూసే తేదీలు రెండు. ఒకటి, తల్లీతండ్రీ ఇద్దరిలో చివరివారు చనిపోయిన తేదీ. ఆ రోజుకే కూతురు పెళ్లికానిదిగానో, వితంతువుగానో, విడాకులైనదిగానో ఉండాలి, ఆధారపడి ఉండాలి. రెండోది, ఆమె వంతు వచ్చిన తేదీ. ఆ రోజు కూడా అదే అర్హత నిలబడాలి. ఒకే కూతురు, ఆమెకు ముందు ఎవరూ లేకపోతే రెండు తేదీలూ ఒకటే. ముందు తమ్ముడో, అక్కో ఉండి వాళ్ల వంతు పదేళ్లు నడిచి ఉంటే, ఆ పదేళ్ల తర్వాత కూడా చూస్తారు.

దీని వెనకున్న ఆలోచన, ఫ్యామిలీ పెన్షన్ అనేది తల్లిదండ్రుల మీద బతుకుతున్న వాళ్లకు ఇచ్చేది అని. వాళ్లు ఉన్నప్పుడు ఎవరు ఆధారపడ్డారో వాళ్లకే. ఆ తర్వాత కష్టం వచ్చినవాళ్లకు కాదు.

మా అమ్మ 2019లో పోయింది. నా భర్త 2021లో పోయాడు. నాకు వస్తుందా?

రాదు. అమ్మ పోయిన రోజున మీరు పెళ్లైన, భర్త ఉన్న కూతురు. మొదటి తేదీకే పరీక్ష తప్పింది. ఇలాంటి కేసుల్లో మనసుకు కష్టంగానే ఉంటుంది. రెండేళ్ల తేడాతో ఒకరికి జీవితాంతం పెన్షన్, ఇంకొకరికి ఏమీ లేదు. ఇది న్యాయంగా లేదని నేనూ అనుకుంటాను. కానీ ఉత్తర్వు అలా ఉంది కాబట్టి, దాన్ని దాటి ఏదో చేయిస్తామని చెప్పి డబ్బులడిగేవాళ్లను నమ్మకండి. వరస మారిస్తే ఫలితం మారుతుంది: భర్త ముందు పోయి, ఆమె ఆధారపడి ఉండగా అమ్మ తర్వాత పోయి ఉంటే అర్హత ఉంటుంది.

విడాకుల కేసు నడుస్తుండగానే అమ్మ చనిపోయింది. తీర్పు తర్వాత వచ్చింది. ఇప్పుడు ఎలా?

వస్తుంది. 2017 జూలై 19 ఉత్తర్వు సరిగ్గా ఇలాంటి కేసుల కోసమే వచ్చింది. తల్లిదండ్రుల్లో ఒక్కరైనా ఉండగానే కోర్టులో విడాకుల పిటిషన్ వేసి ఉంటే, డిక్రీ వాళ్ల తర్వాత వచ్చినా కూతురికి ఫ్యామిలీ పెన్షన్ ఇవ్వొచ్చు. కాకపోతే పెన్షన్ అమ్మ పోయిన మరునాటి నుంచి కాదు, విడాకులు మంజూరైన తేదీ నుంచి.

ఇక్కడ ఒక కేసును పూర్తిగా చెప్తాను. ఏ కుటుంబమో తెలియకుండా కొంచెం మార్చాను.

నాన్న లోకో షెడ్డులో ఫిట్టరు. 2009లో రిటైరై 2015లో పోయారు. తర్వాత అమ్మ పెన్షన్ తీసుకుంది. పెద్ద కూతురు 2014లో కాపురం వదిలి పుట్టింటికి వచ్చింది. ఎనిమిదేళ్లు అలాగే గడిచాయి. అమ్మ ఆరోగ్యం పాడవుతున్నప్పుడు వాళ్ల మేనమామ ఒకరు, "కోర్టులో వేయమ్మా, మీ అమ్మ ఉన్నప్పుడే వేయి" అని పట్టుబట్టాడు. అతను కోర్టు గుమస్తా దగ్గర విన్నాడట. 2022 ఆగస్టులో పిటిషన్ వేశారు. 2023 మార్చి 12న అమ్మ పోయింది. 2024 జూన్ 20న డిక్రీ వచ్చింది.

దరఖాస్తు మొదట తిరిగొచ్చింది. కారణం ఒకే వాక్యం: తల్లి మరణం నాటికి విడాకులు కాలేదు. డిక్రీ మీది తేదీ చూసి రాశారు, పిటిషన్ తేదీ చూడలేదు. చూడటానికి వీల్లేదు కూడా, ఎందుకంటే దరఖాస్తులో డిక్రీ కాపీ ఒక్కటే పెట్టారు. రెండోసారి పిటిషన్ సర్టిఫైడ్ కాపీ, ఓ.పి. నంబరు, వేసిన తేదీ కనబడే కాగితం జతచేసి, 2017 ఉత్తర్వు తేదీ పైలేఖలో రాశారు.

ఆదాయం లెక్క చూడండి. ఆమె జాకెట్లు కుడుతుంది, నెలకు సుమారు 6,000. ఇంటి ముందు గది అద్దెలో ఆమె వాటా 2,500. మొత్తం 8,500. అమ్మ పోయిన నాటి గీత 12,780. డిక్రీ నాటికి డీఆర్ 50 శాతం, గీత 13,500. రెండు తేదీల్లోనూ ఆమె గీత కిందే ఉంది.

పెన్షన్ ఎంత? నాన్న చివరి మూల వేతనాన్ని ఏడో వేతన సంఘం లెక్కలోకి మార్చి 40,000గా తీసుకున్నారు. అందులో 30 శాతం, అంటే 12,000 ఫ్యామిలీ పెన్షన్. 2024 జూన్ 20 నుంచి 50 శాతం డీఆర్‌తో నెలకు 18,000 లెక్కన, జూలై నుంచి డీఆర్ 53 శాతం కావడంతో 18,360. 2025 జూలై నుంచి 18,960.

అమ్మ పోయిన రోజు నుంచి డిక్రీ వరకు పదిహేను నెలలకు పైగా ఎవరికీ ఏమీ రాలేదు. అది రెండున్నర లక్షలకు పైనే. కానీ పిటిషనే వేసి ఉండకపోతే ఆ డబ్బే కాదు, మొత్తం హక్కే పోయేది.

మేం పెద్దల ముందు కాగితం రాసుకుని విడిపోయాం. స్టాంపు పేపరు ఉంది. అది చాలదా?

చాలదు. మన రాయలసీమ పల్లెల్లో చాలామందికి ఉన్నది ఇదే. పంచాయితీలో కూర్చుని, ఇచ్చిపుచ్చుకున్న సామాన్లు లెక్కేసి, "ఇకమీదట ఒకరిమీద ఒకరికి హక్కు లేదు" అని స్టాంపు కాగితం మీద వేలిముద్రలు. ఇద్దరికీ అది విడాకులే. భర్త మళ్లీ పెళ్లి కూడా చేసుకుంటాడు. పెన్షన్ సెక్షన్‌కు మాత్రం ఆమె ఇంకా పెళ్లైన స్త్రీ. వాళ్లడిగేది కోర్టు డిక్రీ.

హిందూ వివాహ చట్టం 29(2) సెక్షన్ ఆచార విడాకులను కొట్టేయలేదు. కానీ ఆ ఆచారం మీ కులంలో ఎప్పటి నుంచో, అందరూ పాటిస్తూ ఉన్నదని కోర్టులో నిరూపించి, డిక్లరేషన్ తెచ్చుకోవాలి. అది సులువు కాదు. పెద్దమనుషులు చాలామంది పోయి ఉంటారు, ఉన్నవాళ్లు కోర్టుకు రారు.

అమ్మ ఇంకా ఉంటే దగ్గర దారి వేరే ఉంది: పరస్పర అంగీకార విడాకులు, అంటే 13-బి పిటిషన్. ఏడాది పాటు విడిగా ఉన్నామని చూపించాలి. మీరెటూ పదేళ్లుగా విడిగానే ఉన్నారు. అవతల మనిషి మళ్లీ పెళ్లి చేసుకుని ఉంటే, అతనికీ కాగితం అవసరమే కాబట్టి మామూలుగా సంతకానికి ఒప్పుకుంటాడు. పిటిషన్ వేశాక ఆరు నెలలు ఆగాలి. కలిసే అవకాశం లేదని కోర్టుకు అనిపిస్తే ఆ ఆరు నెలలు మాఫీ చేయొచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. పైన చెప్పిన కేసులాగే, అమ్మ కన్నుమూసేలోపు పిటిషన్ నంబరు పడటమే ముఖ్యం.

అమ్మ ఎనభైల్లో ఉంటే ఇంట్లో ఇది మాట్లాడటం కష్టం. "నేను పోతానని ఎదురుచూస్తున్నారా" అని ఆమె అనొచ్చు. అయినా ఇంకొకరు ఎవరైనా మెల్లగా చెప్పించండి.

భర్త వదిలేసి వెళ్లిపోయాడు. విడాకులు లేవు. నన్ను విడిచిపెట్టిన భార్యగా చూస్తారా?

చూడరు. ఈ నియమాల్లో ఉన్న మూడు మాటలు పెళ్లికాని, వితంతువు, విడాకులైన. "వదిలేసిన" అనే మాట లేదు. భర్త ఏడేళ్లుగా ఆచూకీ లేకపోతే కోర్టులో మరణించినట్టు భావించమని అడగవచ్చు. పక్క ఊరిలో వేరే కాపురం పెట్టాడని అందరికీ తెలిసినప్పుడు అది కుదరదు. ఒంటరి మహిళలకు రాష్ట్రం ఇచ్చే ఎన్టీఆర్ భరోసా నాలుగు వేల పింఛను వేరు. దాన్నీ దీన్నీ కలిపి అడుగుతుంటారు, రెంటికీ సంబంధం లేదు.

ఆదాయం అంటే ఏమేం లెక్కవేస్తారు? కుట్టుపని కూడా చూపించాలా?

చూపించాలి. జీతం, వ్యాపారం, అద్దె, బ్యాంకు వడ్డీ ఏ దారి నుంచి వచ్చినా కలుస్తుంది. చాలామంది మరిచిపోయేది వడ్డీ. అమ్మ పోయాక ఆమె ఫిక్స్‌డ్ డిపాజిట్లు కూతురి పేరు మీదకు వస్తాయి. తర్వాత వంతు వచ్చిన తేదీకి ఆ వడ్డీతో గీత దాటిపోతుంది. ఒక కుటుంబంలో చిన్న కూతురు ఇలాగే ఆగిపోయింది. దాచుకున్న డబ్బే అడ్డమైంది.

ఆదాయ ధ్రువీకరణ పత్రం సచివాలయంలో దరఖాస్తు చేస్తే తహశీల్దారు పేరుతో వస్తుంది. అందులో ఏడాది ఆదాయం రాస్తారు. ఏడాది మొత్తాన్ని పన్నెండుతో భాగించి గీతతో పోల్చుతారని గుర్తుంచుకోండి. 14,220 లెక్కన ఏడాదికి 1,70,640. అలవాటుగా రెండు లక్షలని రాయించి తెచ్చుకున్నవాళ్లు తమ దరఖాస్తును తామే కొట్టేసుకున్నట్టు. అలాగని లేని తక్కువ అంకె రాయించవద్దు. బ్యాంకు పుస్తకం, రిటర్నులు వేస్తే ఆ రిటర్నులు వేరే మాట చెబితే, తర్వాత రికవరీ చేస్తారు.

మా అన్న ఉన్నాడు. "ఆస్తిలో వాటా నాకూ ఉంది, పెన్షన్‌లో కూడా" అంటున్నాడు.

ఇరవై ఐదు దాటిన మగపిల్లవాడికి, వైకల్యం లేకపోతే, ఇందులో ఏమీ లేదు. ఫ్యామిలీ పెన్షన్ ఆస్తి కాదు, వీలునామాతో ఎవరికీ రాయలేరు, వారసత్వ సర్టిఫికెట్‌తో పంచుకోలేరు. నియమం ఎవరిని చెబితే వాళ్లకే. అక్కాచెల్లెళ్ల మధ్య కూడా సగం సగం లేదు. కవలలైతే తప్ప, పుట్టిన వరసలో ఒక్కరికే. పెద్దమ్మాయి పోయినా, పెళ్లి చేసుకున్నా, ఆదాయం గీత దాటినా అప్పుడు చిన్నమ్మాయి వంతు. చిన్నమ్మాయి కూడా అమ్మ మరణం నాటికి అర్హురాలై ఉండాలి. "అక్క వద్దంటోంది, నేను తీసుకుంటా" అనే పద్ధతి నడవదు.

ఏ కాగితాలు పెట్టాలి? ఎక్కడ ఆగిపోతుంది?

తల్లిదండ్రుల మరణ ధ్రువీకరణ పత్రాలు, పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు అయిన పీపీఓ కాపీ, మీ పుట్టిన తేదీ ఆధారం, ఆధార్, పాన్, ఆదాయ పత్రం, బ్యాంకు వివరాలు. వితంతువైతే భర్త మరణ పత్రం, విడాకులైతే డిక్రీ, పిటిషన్ కాపీలు. పెళ్లికానివారు తమ స్టేటస్ గురించి సొంత డిక్లరేషన్ ఇవ్వాలి. దరఖాస్తు ఆఖరున నాన్న పనిచేసిన విభాగానికే వెళ్తుంది, బ్యాంకుకు కాదు. బ్యాంకు డబ్బు వేయడం వరకే.

ఆగిపోయేది మాత్రం పేర్ల దగ్గర. నాన్న సర్వీసు రికార్డులో "లక్ష్మీదేవి", ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరుతో "లక్ష్మిదేవమ్మ", బడి సర్టిఫికెట్లో ఇంకొకటి. ముగ్గురూ ఒక్కరే అని గెజిటెడ్ అధికారి దగ్గర ఒక సర్టిఫికెట్, నోటరీ అఫిడవిట్ తీసుకుంటే పని సాగుతుంది. బడికి వెళ్లని ఆడపిల్లలైతే పుట్టిన తేదీ నిరూపణకే ఆరు నెలలు పట్టడం చూశాను.

ఇంకో ఇబ్బంది, నాన్న ఉన్నప్పుడు కుటుంబ వివరాల ఫారంలో పెళ్లైన కూతుళ్ల పేర్లు రాయకుండా వదిలేయడం. "వాళ్లు అత్తగారిళ్లకు పోయారు కదా" అని. పేరు లేకపోవడం హక్కును చంపదు, కానీ తర్వాత మీరు ఆయన కూతురే అని నిరూపించుకోవాల్సి వస్తుంది. ఇప్పుడు రిటైరవుతున్నవాళ్లు అర్హత ఉన్నా లేకపోయినా పిల్లలందరి పేర్లూ రాయాలి. అమ్మ జీవించి ఉంటే ఇప్పుడైనా అడిగి చేర్పించండి.

నాన్న రాష్ట్ర ప్రభుత్వ టీచరు. మా మామ మిల్లులో చేశాడు. ఇవే రూళ్లా?

కాదు. రాష్ట్ర ఉద్యోగులకు 1980 ఆంధ్రప్రదేశ్ సవరించిన పెన్షన్ నియమాలు, దానిమీద వచ్చిన రాష్ట్ర జీఓలు. ట్రెజరీలో కేంద్ర ఉత్తర్వు చూపించి వాదిస్తే లాభం లేదు. రాష్ట్ర జీఓ నంబరు పట్టుకునే మాట్లాడండి. ఏ తేదీ మరణానికి ఏ జీఓ వర్తిస్తుందో ట్రెజరీలో రాతపూర్వకంగా అడగండి.

మిల్లు, ఫ్యాక్టరీ, ప్రైవేటు కంపెనీల ఉద్యోగులది పీఎఫ్ కింద 1995 పెన్షన్ పథకం. అందులో పిల్లల పెన్షన్ ఇరవై ఐదేళ్ల వరకే. వైకల్యం ఉన్న సంతానానికి తప్ప నలభై ఏళ్ల కూతురికి, పెళ్లి కాకపోయినా, భర్త పోయినా, ఏమీ లేదు. అందుకే ఒకే వీధిలో ఇద్దరు వితంతు కూతుళ్లలో ఒకరికి వస్తుంది, ఇంకొకరికి రాదు.

పెన్షన్ మొదలయ్యాక ఎప్పుడు ఆగిపోతుంది?

పెళ్లి లేదా మళ్లీ పెళ్లి చేసుకున్నప్పుడు, ఆదాయం గీతను అందుకున్నప్పుడు, లేదా మరణంతో. పెళ్లి ముచ్చట ఊళ్లో అందరికీ తెలిసి, బ్యాంకుకు మాత్రం చెప్పకుండా రెండేళ్లు తీసుకున్న కేసులో మొత్తం వెనక్కి కట్టించారు. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్‌తో పాటు పెళ్లి కాలేదన్న డిక్లరేషన్, ఆదాయం డిక్లరేషన్ కూడా బ్యాంకులో అడుగుతారు. వేలిముద్ర పడక ఇబ్బంది పడే పెద్దవాళ్లు ఫేస్ అథెంటికేషన్‌తో ఇవ్వొచ్చు. ఈ డిక్లరేషన్లు మాత్రం విడిగా కాగితం మీద ఇచ్చి, ముట్టినట్టు సంతకం పెట్టించుకుని కాపీ ఇంట్లో ఉంచుకోండి.

దరఖాస్తు తిరిగొస్తే కారణం రాసిన లేఖ తప్పకుండా తీసుకోండి. నోటిమాట తిరస్కారం మీద ఎక్కడా అప్పీలు చేయలేరు. లేఖ ఉంటే పెన్షన్ అదాలత్‌లో, కేంద్ర ప్రభుత్వ పెన్షన్ ఫిర్యాదుల పోర్టల్ CPENGRAMSలో, ఆ తర్వాత హైదరాబాద్‌లోని కేంద్ర పరిపాలనా ట్రిబ్యునల్, అంటే క్యాట్, బెంచిలో అడగొచ్చు.